ముందు మాత్ర సంగతి చూద్దాం, పరుగు తర్వాత

డాక్టర్ గారూ, నమస్తే. నాకు 46 ఏళ్ళు. వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చునే పని. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు, పొట్ట చుట్టుకొలత 106 సెంటీమీటర్లు. షుగర్ వచ్చి ఆరేళ్ళు, బీపీ మూడేళ్ళు. మీరు రాసినవే వాడుతున్నాను: పొద్దున గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర, రాత్రి మెట్‌ఫార్మిన్ ఒక్కటే, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. జనవరిలో హెచ్‌బీఏ1సీ 6.9 వచ్చింది. ఒకటో తారీఖు నుంచి టిఫిన్, రాత్రి అన్నం మానేసి, పరగడుపున గంటసేపు స్టేడియంలో పరుగెత్తాలని, శనివారాలు మంగళగిరి కొండ మెట్లెక్కాలని అనుకుంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో క్యాంపు పెట్టి డెబ్భై పరీక్షల ప్యాకేజీ చేస్తామంటున్నారు. చేయించుకోమంటారా? ట్రెడ్‌మిల్ టెస్ట్ కూడా కావాలా? మోకాళ్ళు అప్పుడప్పుడు నొప్పి పెడతాయి.

నమస్తే అండీ. ఉత్తరం చదవగానే మీ ఫైల్ తీసి చూశాను. రక్తపరీక్షల గురించి అడిగారు, చెబుతాను. కానీ మీ ప్లాన్‌లో నన్ను భయపెట్టింది పరుగూ కాదు, మెట్లూ కాదు. పొద్దున వేసుకునే ఆ గ్లిమెపిరైడ్ మాత్ర. దాని సంగతి తేలాకే మిగతావన్నీ.

గ్లిమెపిరైడ్ చేసే పని ఒకటే. క్లోమ గ్రంథిని తట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. రెండు ఇడ్లీలు పడ్డా, కడుపు ఖాళీగా ఉన్నా అది తట్టడం తడుతూనే ఉంటుంది. పైగా దాని ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. మెట్‌ఫార్మిన్ అలాంటిది కాదు, అది ఒక్కటే వాడేవాళ్ళకు షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం చాలా అరుదు. మీరు మాత్ర వేసుకొని, టిఫిన్ మానేసి, గంటసేపు పరుగెత్తితే ఏమవుతుంది? మాత్ర ఒకవైపు షుగర్‌ను కిందికి లాగుతుంది, పరుగెత్తే కండరాలు ఇంకోవైపు లాగుతాయి, పైనుంచి వచ్చేది ఏమీ లేదు. రాత్రి అన్నం కూడా మానేశారు కాబట్టి లివర్‌లో దాచుకున్న నిల్వ కూడా తక్కువే. మీ హెచ్‌బీఏ1సీ 9 ఉంటే కొంత జాగా ఉండేది. 6.9 అంటే ఇప్పటికే దాదాపు అదుపులో ఉన్నట్టు. అంటే కిందికి జారడానికి మీకు మెట్లు తక్కువ.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. చాలా ఏళ్ళ కిందట నా దగ్గరికి వచ్చే ఒకాయనకు బరువు తగ్గమని గట్టిగా చెప్పి పంపాను. ఆయన మాట విన్నాడు. నేనే మాత్ర తగ్గించడం మర్చిపోయాను. పది రోజుల తర్వాత పొద్దున ఆరున్నరకు ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ నడుస్తూ రెయిలింగ్ పట్టుకొని కూర్చుండిపోయాడట. ఒళ్ళంతా చల్లటి చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. తోటి నడకవాళ్ళలో ఒకరు గుండెపోటు అన్నారు, ఇంకొకరు రాత్రి తాగింది దిగలేదన్నారు. అదృష్టం కొద్దీ వాళ్ళలో షుగర్ ఉన్న పెద్దాయన ఒకరు అనుమానించి, టీకొట్టు నుంచి చక్కెర కలిపిన నీళ్ళు తెప్పించి తాగించారు. పది నిమిషాల్లో లేచి కూర్చున్నాడు. అసలు ముప్పు ఆ తర్వాత వచ్చింది. తగ్గిపోయింది కదా అని ఇంటికి వెళ్ళి ఏమీ తినకుండా పడుకున్నాడు. పదకొండింటికి భార్య లేపితే లేవలేదు. ఆస్పత్రిలో చూస్తే షుగర్ 46. ఆయన తాగిన చక్కెర గంటలో కరిగిపోయింది, కడుపులో ఉన్న మాత్ర మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది. రెండు రోజులు గ్లూకోజ్ ఎక్కించి ఇంటికి పంపారు. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి ఎవరు డైట్ అన్నా ముందు మాత్రల స్ట్రిప్పు అడుగుతాను.

అలాగని రేపటి నుంచి మీరే మాత్ర ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే షుగర్ 250 దాటి ఎగబాకేవాళ్ళూ ఉంటారు. సగం విరిచి కూడా వేసుకోకండి. అందులో కలిసిన మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా కరిగే రకం, విరిస్తే ఆ పొర పాడై ఒక్కసారిగా విడుదలవుతుంది. గ్లిమెపిరైడ్ 1 ఉన్న మాత్ర విడిగా దొరుకుతుంది, దానికి మారుద్దాం. నా అంచనా ఏమిటంటే, తిండి తగ్గించే మొదటి రోజు నుంచే మీకు గ్లిమెపిరైడ్ సగం చేయాలి. రెండు మూడు వారాల్లో పరగడుపు షుగర్ వరుసగా 100 లోపు వస్తుంటే, లేదా ఒక్కసారైనా 70 కిందికి వెళితే, పూర్తిగా ఆపి మెట్‌ఫార్మిన్ మీదే నడిపించవచ్చు. ఈ నిర్ణయానికి రెండు విషయాలు తెలియాలి, మీ కిడ్నీ ఎలా ఉంది, ఆ 6.9 నిజమైన 6.9 యేనా అని. మీ రక్తపరీక్షల్లో నాకు ముఖ్యమైన ప్రశ్నలు ఇవే.

కిడ్నీ ఎందుకంటే, గ్లిమెపిరైడ్ శరీరం నుంచి బయటికి పోయే దారుల్లో అదొకటి. క్రియాటినిన్ పెరిగి వడపోత తగ్గితే మాత్ర పేరుకుపోతుంది, షుగర్ పడిపోవడం ఎక్కువ అవుతుంది. రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె ఉంటుంది, నేను చూసేది అదే. 60 పైన ఉంటే నాకు నిశ్చింత. 45 కిందికి వస్తే మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా మళ్ళీ చూసుకోవాలి, 30 కింద అది వాడకూడదు. దానితోపాటే సోడియం, పొటాషియం కూడా చేయిస్తాను. మీ బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపుతుంది. దాని సంగతి కింద ఎండల దగ్గర చెబుతాను. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి కూడా ఒకసారి చూడాలి. క్రియాటినిన్ పెరగకముందే కిడ్నీకి షుగర్ దెబ్బ తగులుతోందని ముందుగా చెప్పేది ఇదే. పొద్దున లేవగానే పోసిన మూత్రం అయితే మంచిది. ముందు రోజు గట్టిగా వ్యాయామం చేసినా, జ్వరం ఉన్నా ఈ అంకె ఊరికే పెరుగుతుంది.

ఇక 6.9 సంగతి. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాలకు అంటుకున్న షుగర్ లెక్క. కణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి కాబట్టి అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది. కానీ కణాలే సరిగ్గా లేకపోతే లెక్క కూడా సరిగ్గా రాదు. గుంటూరు నుంచి వచ్చే ఒకావిడకు హెచ్‌బీఏ1సీ 7.8 వచ్చింది, ఇంట్లో మీటర్‌లో మాత్రం పరగడుపున 105, తిన్నాక 140 దాటట్లేదు. మీటర్ తప్పు చూపిస్తోందని మందు పెంచమని ఆమె పట్టు. హిమోగ్లోబిన్ చూస్తే 8.9. ఐరన్ లోపం. ఐరన్ తక్కువగా ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ ఇచ్చాక, షుగర్ మందు ముట్టుకోకుండానే, నాలుగు నెలలకు అది 6.7 అయింది. ఆరోజు మందు పెంచి ఉంటే ఆమె కూడా ఎక్కడో ఒకచోట రెయిలింగ్ పట్టుకొని కూర్చునేది. అందుకే హెచ్‌బీఏ1సీ పక్కన కంప్లీట్ బ్లడ్ కౌంట్ లేకుండా నేను దాన్ని నమ్మను. మీరు ఆరేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, బీ12 తగ్గిందేమో కూడా ఈసారి చూద్దాం. అరికాళ్ళు తిమ్మిర్లు ఎక్కడానికి అదీ ఒక కారణమే, తిమ్మిరి పట్టిన కాలితో నడక మొదలుపెట్టడం మంచిది కాదు.

వీటికి పరగడుపు షుగర్, తిన్న రెండు గంటల తర్వాత షుగర్, కొలెస్ట్రాల్ వివరాలు, లివర్‌కు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, థైరాయిడ్‌కు ఒక్క టీఎస్‌హెచ్ కలపండి. ఒక ఈసీజీ తీద్దాం. అంతే. మీకు నిజంగా పనికొచ్చేవి ఇవి.

డెబ్భై పరీక్షల ప్యాకేజీ గురించి ఒక చిన్న లెక్క చెబుతాను. మీరు లెక్కల మనిషే కాబట్టి వెంటనే అర్థమవుతుంది. ల్యాబ్ రిపోర్టులో నార్మల్ అని రాసే హద్దులు చాలా పరీక్షలకు ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మందిని లోపల ఉంచేలా పెడతారు. అంటే ఏ జబ్బూ లేని మనిషిలో కూడా ఒక్కో పరీక్ష తప్పు వైపు పడే అవకాశం వందకు ఐదు. డెబ్భై పరీక్షలు చేస్తే మూడు నాలుగు ఊరికే ఎర్ర అక్షరాల్లో వస్తాయి. ఆ మూడింటి కోసం మీరు ఇంటర్నెట్‌లో వెతుకుతారు, నిద్ర పట్టదు, మళ్ళీ పరీక్షలు, స్కానింగ్. ఇదంతా బరువు తగ్గాల్సిన నెలలో. ఆ ప్యాకేజీలో క్యాన్సర్ మార్కర్లు, అలర్జీ పరీక్షలు కూడా కలుపుతుంటారు. లక్షణాలు లేని మనిషికి వాటితో ఒరిగేది లేదు. మరీ మొహమాటానికి చేయించుకుంటే మాత్రం ఎర్ర అంకెలు చూసి ఎవరికీ ఫోన్ చేయకుండా నాకు చూపించండి.

రక్తం ఇచ్చే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది రిపోర్టులు అక్కడే పాడవుతున్నాయి. రాత్రి ఎనిమిదిన్నరకల్లా మామూలు భోజనం చేయండి. ఆ రాత్రి నుంచే డైట్ మొదలుపెట్టొద్దు. ఎనిమిది, పది గంటల తర్వాత పరగడుపున రక్తం ఇవ్వండి. మంచినీళ్ళు తాగవచ్చు, బీపీ మాత్ర కూడా నీళ్ళతో వేసుకోవచ్చు. షుగర్ మాత్ర మాత్రం రక్తం ఇచ్చేదాకా వద్దు. ఇచ్చాక మాత్ర వేసుకొని రోజూ తినే టిఫినే తినండి. చాలామంది ఇక్కడ మాత్ర ఇంట్లో మర్చిపోయి వస్తారు, లేదా రిపోర్టు బాగా రావాలని పెసరట్టు బదులు ఒక అరటిపండు తింటారు. రెండు చోట్లా ఆ అంకె నాకు పనికిరాదు. మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి రెండు గంటలు లెక్క. తిని ముగించినప్పటి నుంచి కాదు.

ఇంకో మాట. రక్తం ఇచ్చే ముందు నాలుగైదు రోజులు పరుగు, జిమ్ ఏమీ వద్దు. కొత్తగా గట్టిగా వ్యాయామం చేసినప్పుడు కండరాలు చిట్లి అందులోంచి ఎస్‌జీఓటీ రక్తంలోకి వస్తుంది. లివర్ చెడిందని భయపడిపోతారు. చెడింది లివర్ కాదు, తొడల కండరాలు నొప్పి పెడుతున్నాయి, అంతే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపండి, అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తాయి. ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పండి, ఈ తికమక వాళ్ళ రిపోర్టుల్లోనే నాకు ఎక్కువగా కనిపిస్తుంది.

ట్రెడ్‌మిల్ టెస్ట్ ఇప్పుడు అక్కర్లేదు. మీకు నడిస్తే ఛాతీలో బరువు, అసాధారణమైన ఆయాసం లేవని పోయినసారి చెప్పారు. లక్షణం లేని మనిషికి ఆ పరీక్ష చేస్తే తప్పుడు పాజిటివ్ వచ్చి, అక్కడి నుంచి ఆంజియోగ్రామ్ దాకా పోయిన కేసులు చూశాను. అయితే ఇక్కడ మీరు నాకు నిజం చెప్పాలి. మన వైపు ఛాతీలో ఏది అనిపించినా 'గ్యాస్' అనేస్తాం. రోజూ ఒకే దూరం నడిచాక, ఒకే చోట, ఛాతీ పట్టేసినట్టయి, ఆగి నిలబడితే రెండు నిమిషాల్లో సర్దుకుంటోందా? అది గ్యాస్ కాదు. గ్యాస్‌కు మనం ఎన్ని అడుగులు వేశామో తెలియదు. దవడ, ఎడమ చెయ్యి, రెండు భుజాల మధ్య వచ్చే నొప్పి కూడా అదే కోవ. షుగర్ ఉన్నవాళ్ళకు కొందరికి నొప్పే తెలియదు, ఎప్పుడూ ఎక్కే మూడో అంతస్తు మెట్ల దగ్గర కొత్తగా ఆయాసం వస్తుంది, అంతే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామం మొదలుపెట్టకుండా ముందు నాకు చెప్పండి, అప్పుడు ట్రెడ్‌మిల్ కాదు, గుండె డాక్టర్ దగ్గరికే పంపుతాను. కూర్చున్నప్పుడే ఛాతీ బరువు వచ్చి పోకపోతే నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, 108కి చేయండి.

ఇప్పుడు వ్యాయామం. మొదటి రెండు వారాలు పరుగు లేదు. స్టేడియం కూడా అక్కర్లేదు. టిఫిన్ తిన్న పావుగంట తర్వాత పది నిమిషాలు, మధ్యాహ్నం భోజనం తర్వాత షాపు వరండాలో పది, రాత్రి తిన్నాక ఇంటి దగ్గర పది. ఇది చాలా తక్కువ అని మీకు అనిపిస్తుందని తెలుసు. కానీ తిన్న తర్వాత ఎక్కే షుగర్‌ను అప్పుడే కండరాలు లాక్కుంటాయి. పరగడుపు నడకకు ఆ లాభం లేదు, పైగా మాత్ర ప్రమాదం తోడు. పదకొండు గంటలు కుర్చీలో కూర్చునే మీకు మూడు సార్లు లేవడమే పెద్ద మార్పు. మూడో వారం నుంచి ఒక్కో విడతకు వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. అరగంట ఏకధాటిగా, వారానికి ఐదు రోజులు నడవగలిగే దాకా, అంటే 150 నిమిషాల దాకా, పెంచుకుంటూ పోవడమే.

ఎంత వేగం అన్నదానికి వాచీలు అక్కర్లేదు. పక్కన నడిచే మనిషితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట కూడా వస్తోందంటే ఇంకొంచెం పెంచవచ్చు. రెండు మాటల మధ్య ఆగి గాలి పీల్చుకోవాల్సి వస్తే తగ్గించండి.

మూడో వారం నుంచే వారానికి రెండు సార్లు కండరాల పని కలపండి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చొని, చేతులు ఆనించకుండా లేచి నిలబడి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవాలి. ఎనిమిది సార్లు, రెండు నిమిషాలు ఆగి ఇంకో ఎనిమిది. గోడకు చేతులు ఆనించి ఒంగి లేవడం అంతే సార్లు. లేచేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, బయటికి వదలాలి. ఊపిరి బిగపడితే ఆ క్షణంలో బీపీ చాలా ఎక్కువకు పోతుంది. తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గినవాళ్ళలో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. ఈ కుర్చీ వ్యాయామం దాన్ని కాపాడటానికే. మీ మోకాళ్ళకు కూడా ఇదే మందు, తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. అయితే జిమ్ బరువులు, శీర్షాసనం, సర్వాంగాసనం లాంటివి కంటి పరీక్ష అయ్యేదాకా వద్దు. చుక్కల మందు వేసి కంటి వెనక రెటీనా చూసి రెండేళ్ళు దాటిందని ఫైల్‌లో ఉంది. షుగర్ వల్ల అక్కడ కొత్త రక్తనాళాలు మొలిచి ఉంటే ఆ ఒత్తిడికి చిట్లి చూపు పోయే ప్రమాదం ఉంది. ఈ నెలలోనే చూపించుకోండి.

మంగళగిరి మెట్లు మూడు నెలల తర్వాత మాట్లాడుకుందాం. ఎక్కడం గుండెకు పని, దిగడం మోకాళ్ళకు పని. 92 కిలోలతో దిగేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గర మోకాలి చిప్ప మీద పడే భారం ఒంటి బరువుకు ఎన్నో రెట్లు. ఎక్కగలిగారు కదా అని దిగి, మర్నాడు మంచం దిగలేనివాళ్ళు నా దగ్గరికి సోమవారాలు వస్తుంటారు. మొక్కు ఉంటే బండి రోడ్డు ఉంది కదా, స్వామి ఏమీ అనుకోడు. స్వామి దగ్గర దొరికే పానకం మాత్రం, షుగర్ పడిపోయినప్పుడు తాగితే మందే. మామూలప్పుడు మాత్రం తీర్థం అంతే పుచ్చుకోండి.

మోకాళ్ళ దగ్గరే ఇంకో ప్రమాదం ఉంది. నొప్పి వస్తే మీరు మందుల షాపుకెళ్ళి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర తెచ్చుకుంటారు. మీరు ఇప్పటికే వాడుతున్న టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్‌లకు ఆ నొప్పి మాత్ర తోడయితే, మూడూ కలిసి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. అందులో ఎండకు ఒళ్ళు ఎండిపోయి ఉంటే నాలుగు రోజుల్లో క్రియాటినిన్ రెట్టింపు అయిన వాళ్ళున్నారు. కిడ్నీ దెబ్బతింటే గ్లిమెపిరైడ్ పేరుకుంటుంది, మళ్ళీ మొదటి కథకే వచ్చాం. నొప్పికి పారాసిటమాల్ వేసుకోండి, లేదా పైపూత రాసుకోండి. నడక రెండు రోజులు ఆపండి, పోయేదేమీ లేదు.

ఎండల సంగతి. బెజవాడ ఉక్కపోతలో రోహిణి కార్తెకు ముందూ వెనకా ఎప్పుడైనా సరే పొద్దున ఏడున్నర దాటాక, సాయంత్రం ఆరుకు ముందు బయట నడవకండి. మరి టిఫిన్ తర్వాత నడక ఎలా అంటారా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, షాపు లోపల తిరిగినా అది నడకే. మీ బీపీ మాత్ర ఉప్పును, నీళ్ళను బయటికి పంపుతుంది, చెమట ఇంకొంత పంపుతుంది. దీనికి తోడు డైట్ అని ఉప్పు మానేసి, లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. కాళ్ళు పట్టేయడం, తల బరువు, నీరసం, మాట మందగించడం దాని గుర్తులు. మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకొని తాగండి, మీకు నేను అనుమతి ఇస్తున్నాను. బరువు నాలుగైదు కిలోలు తగ్గేసరికి బీపీ కూడా దిగుతుంది, అప్పుడు పాత మోతాదే ఎక్కువైపోతుంది. కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపల ఒకసారి బీపీ చూసుకొని రాయండి. నిలబడితే పై అంకె 20 పడిపోతుంటే, లేదా మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరుగుతుంటే నాకు చెప్పండి. ఆ మాత్ర మారుద్దాం. ఎప్పుడైనా కూర్చున్నప్పుడు 180 మీద 110 దాటి ఉంటే ఆరోజు వ్యాయామం లేదు.

నడకకు వెళ్ళేటప్పుడు చొక్కా జేబులో చక్కెర పొట్లం పెట్టుకోండి. మూడు టీస్పూన్లు, కాగితంలో మడిచి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది. బిస్కెట్టూ అంతే. చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, కారణం లేని కోపం, చూపు మసక, వీటిలో ఏది వచ్చినా ఆగి కూర్చొని మీటర్‌తో చూడండి. మీటర్ లేకపోతే చూడకుండానే చక్కెర నీళ్ళలో కలుపుకొని తాగండి. పావుగంట ఆగి మళ్ళీ చూసి, 70 కిందే ఉంటే ఇంకోసారి. తేరుకున్నాక తప్పకుండా ఏదైనా కడుపుకు తినాలి, ఆ రోజంతా మూడు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి. ఎందుకో బ్యారేజీ ఆయన కథలో చెప్పాను. ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట చెప్పి ఉంచండి: స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయాలి. నడకకు ముందు మీటర్‌లో 90 కంటే తక్కువ ఉంటే, ఒక అరటిపండు తిని బయల్దేరండి.

తిండి గురించి మీరు అడగలేదు, నేనూ పెద్దగా చెప్పను. టిఫిన్ మానకండి, మాత్ర వాడినన్నాళ్ళు అది మానే వీల్లేదు. రాత్రి అన్నం సగం చేసి, ఆ జాగాలో పప్పు, కూర, గుడ్డు పెట్టండి. మన ఊళ్ళో అన్నం, గోధుమ పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ళతో నెలలు గడిపే డైట్ బాగా పాకింది. షాపులో ఎవరో ఒకరు మీకు చెబుతారు. అది మొదలుపెట్టే ముందు ఆ మనిషికి ఒక్క ప్రశ్న వేయండి, షుగర్‌కు ఏ మాత్ర వాడుతూ చేశావు అని. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి, మూత్రంలో షుగర్ పోగొట్టే మాత్రలు వాడుతూ ఆ డైట్ చేస్తే మీటర్‌లో షుగర్ మామూలుగానే చూపిస్తూ రక్తం ఆమ్లంగా మారిపోయే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి వస్తాయి, అందరూ ఫుడ్ పాయిజన్ అనుకుంటారు. మీరు ఆ మాత్ర వాడట్లేదు, కానీ మీ తమ్ముడు వాడుతున్నాడు, అందుకే రాస్తున్నాను.

వారానికి అరకిలో చొప్పున తగ్గితే నాకు చాలు. ఆ లెక్కన రెండు, రెండున్నర నెలల్లో నాలుగైదు కిలోలు. వారానికి కిలోన్నర దాటి తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది, అదో కొత్త గొడవ. బరువు వారానికి ఒకసారే చూడండి, పొట్ట కొలత నెలకోసారి, బొడ్డు దగ్గర టేపు బిగించకుండా. మనవాళ్ళకు మగవారిలో 90 సెంటీమీటర్లు హద్దు. మూడు నెలల్లో మీరు 106 నుంచి 100కి వస్తే, బరువు తగ్గినా తగ్గకపోయినా నేను సంతోషిస్తాను.

వచ్చే మంగళవారం పొద్దున రక్తం ఇచ్చి, గురువారం సాయంత్రం ఆరింటికి రిపోర్టులతో రండి. అప్పటి దాకా ఇప్పుడు తింటున్నట్టే తినండి, మాత్రలు ఇప్పుడు వేసుకుంటున్నట్టే వేసుకోండి. ఈ వారంలో నాలుగు రోజులు పరగడుపున, టిఫిన్ తిన్న రెండు గంటలకు మీటర్‌లో చూసి చిన్న పుస్తకంలో రాయండి, ఫోన్‌లో కాదు, నాకు తిరగేసి చూడటం కష్టం. మాత్రల స్ట్రిప్పులన్నీ తెండి, మోకాళ్ళకు తెచ్చుకున్నవి కూడా దాచకుండా. నడిచే చెప్పులు వేసుకొనే రండి, అరికాళ్ళు తీగతో తాకి స్పర్శ చూస్తాను, అడుగు అరిగిపోయిన చెప్పులైతే అవీ మార్చాలి.